ఆగిపోయిన ప్రోగ్రామును పట్టుకునే కౌంటర్

1994 మే 7న క్లెమెంటైన్ అనే అమెరికా వ్యోమనౌకలో కంప్యూటర్ హ్యాంగ్ అయింది. అప్పటికి అది రెండు నెలలకు పైగా చంద్రుడి చుట్టూ తిరిగి, ఉపరితలాన్నంతా ఫోటోలు తీసి, జియోగ్రాఫోస్ అనే గ్రహశకలాన్ని చూడబోయే ప్రయాణంలో ఉంది. నౌక దిశను సరిదిద్దే చిన్న థ్రస్టర్లు మండుతున్న సమయంలోనే ప్రోగ్రాము ఎక్కడో చిక్కుకుపోయింది. థ్రస్టర్లను మూయమని చెప్పాల్సింది ఆ ప్రోగ్రామే. అది ముందుకు కదలదు, థ్రస్టర్లు ఆగవు. భూమి మీద ఉన్నవాళ్లు కంప్యూటర్‌ను రీసెట్ చేయగలిగేలోపు అవి సుమారు 11 నిమిషాలు మండి ఇంధనాన్ని మొత్తం ఊడ్చేశాయి. నౌక నిమిషానికి దాదాపు 80 చుట్లు తిరుగుతూ మిగిలింది. గ్రహశకలం దగ్గరికి వెళ్లే పథకం అక్కడితో ముగిసింది.

ఆ కంప్యూటర్‌లో ఇలాంటి సందర్భం కోసమే ఉద్దేశించిన ఒక చిన్న వసతి ఉంది. దాని పేరు వాచ్‌డాగ్ టైమర్. అయితే దాన్ని వాడుకునే కోడ్ రాయలేదు. ఈ వసతి ఇప్పుడు వ్యోమనౌకల్లోనే కాదు, కొన్ని వందల రూపాయలకు దొరికే మైక్రోకంట్రోలర్ బోర్డుల్లోనూ ఉంటుంది. దాని సూత్రం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. సరిగ్గా అమర్చడంలోనే చాలామంది బోల్తా పడతారు.

ముందు, ప్రోగ్రాము హ్యాంగ్ కావడమంటే ఏమిటో చూద్దాం. ప్రాసెసర్ ఆదేశాలను ఒకదాని తర్వాత ఒకటి వరుసగా అమలు చేస్తుంది. యంత్రాలను నడిపే ప్రోగ్రాముల్లో ఈ వరుసకు ముగింపు ఉండదు. సెన్సర్‌ను చదవడం, నిర్ణయం తీసుకోవడం, మోటారుకో వాల్వుకో ఆదేశం ఇవ్వడం, మళ్లీ మొదటికి రావడం. ఈ చుట్టు సెకనుకు కొన్ని సార్లో కొన్ని వేల సార్లో తిరుగుతూ ఉంటుంది. హ్యాంగ్ అయినప్పుడు ప్రాసెసర్ నిద్రపోదు. చాలాసార్లు అది పూర్తి వేగంతో పనిచేస్తూనే ఉంటుంది. కాకపోతే ఎన్నటికీ రాని సమాధానం కోసం ఒకే చోట ఎదురుచూస్తూ ఉంటుంది, లేదా విద్యుత్ అలజడికి దారి తప్పి, ప్రోగ్రాములో సంబంధం లేని చోట తిరుగుతూ ఉంటుంది. బయట నుంచి చూస్తే పవర్ లైటు వెలుగుతుంది, తెర మీద చివరి అంకె అలాగే నిలబడి ఉంటుంది. చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

మరి ప్రోగ్రామే తనను తాను గమనించుకోవచ్చు కదా అనిపిస్తుంది. అది కుదరదు. గమనించే ఆదేశాలు కూడా ఆ వరుసలోనివే. వరుస ఆగిపోతే వాటి వంతు రాదు. అందుకే గమనించే బాధ్యతను ప్రోగ్రాముకు బయట ఉన్నదానికి అప్పగించాలి.

మన రైలు ఇంజన్లలో ఇదే సూత్రం మనిషి మీద పనిచేస్తుంది. లోకో పైలట్ ముందు విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అనే పరికరం ఉంటుంది. పైలట్ 60 సెకన్లపాటు దేన్నీ ముట్టుకోకపోతే ఒక లైటు మెరుస్తుంది. మరో 8 సెకన్లు గడిస్తే బజర్ మోగుతుంది. ఇంకో 8 సెకన్లకీ స్పందన లేకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. ఈలోగా పైలట్ ఆ బటన్ నొక్కినా, హారన్ కొట్టినా, వేగం మార్చినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పైలట్ నిద్రపోయాడా, స్పృహ తప్పాడా, మరేమైనా జరిగిందా అనేది ఆ పరికరానికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. గడువులోగా రావాల్సిన సంకేతం రాలేదన్నదొక్కటే దానికి కావాలి.

వాచ్‌డాగ్ టైమర్ చేసేదీ అంతే. అది ఒక కౌంటర్. సున్నా నుంచి ఒక్కో అంకె పెంచుకుంటూ పోతుంది. ప్రోగ్రాము సవ్యంగా నడుస్తున్నంతసేపూ మధ్యమధ్యలో ఆ కౌంటర్‌ను సున్నా చేస్తూ ఉండాలి. అలా చేయకుండా కౌంటర్ తన గరిష్ఠ అంకెను చేరిందంటే అది ప్రాసెసర్ రీసెట్ గీతను లాగుతుంది. ప్రోగ్రాము మొదటి నుంచి మొదలవుతుంది. ఎవరో వచ్చి స్విచ్ ఆపి వేసినట్టు, కాకపోతే ఆ ఎవరో వచ్చేదాకా ఆగకుండా.

ఇందులో రెండు సంగతులు కీలకం. మొదటిది, కౌంటర్‌కు సొంత గడియారం ఉండాలి. ఆర్డ్వినో యూనో బోర్డులో ఉండే ఏటీమెగా 328పీ చిప్‌నే తీసుకుందాం. దాని ప్రాసెసర్ 16 మెగాహెర్ట్జ్ సిరామిక్ రెసొనేటర్‌తో నడుస్తుంది. వాచ్‌డాగ్‌కు మాత్రం చిప్ లోపలే సుమారు 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ విడిగా ఉంది. రెసొనేటర్ ఆగిపోయినా వాచ్‌డాగ్ లెక్క ఆగదు. ఆ ఆసిలేటర్ 2,048 సార్లు కొట్టుకునేదాకా ఆగమంటే గడువు దాదాపు 16 మిల్లీసెకన్లు. 10,48,576 సార్లు అంటే దాదాపు 8 సెకన్లు. ఈ రెంటి మధ్య పది గడువుల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

రెండోది, దారి తప్పిన ప్రోగ్రాము పొరపాటున వాచ్‌డాగ్‌నే ఆపేయకూడదు. అందుకే ఈ చిప్‌లో దాన్ని ఆపాలంటే ఒకే ఆదేశం చాలదు. ముందు ఒక రిజిస్టర్‌లో నిర్ణీత బిట్లు పెట్టి, ఆ తర్వాత నాలుగు క్లాక్ కొట్లలోపు రెండో ఆదేశం ఇవ్వాలి. కాకతాళీయంగా ఈ రెండూ ఆ వరుసలో పడటం దాదాపు అసాధ్యం.

ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఒక పరికరంలో దీన్ని అమర్చి చూద్దాం. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం చూసి మోటారును వేసి ఆపే కంట్రోలర్ అది. చాలామంది విద్యార్థులూ ఎలక్ట్రీషియన్లూ దీన్ని ఆర్డ్వినోతో తయారు చేస్తుంటారు. ట్యాంకు మూతకు బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ నీటిదాకా ఎంత దూరముందో కొలుస్తుంది. మట్టం తగ్గితే రిలే మోటారును వేస్తుంది, నిండితే ఆపుతుంది. రెండు తీగల ఐ2సీ బస్సు మీద చిన్న ఎల్‌సీడీ తెర ఉంటుంది, మట్టం దాని మీద కనిపిస్తుంది.

ఈ ఐ2సీ బస్సులోనే చిక్కు ఉంది. మోటారు పడినప్పుడో ఆగినప్పుడో పుట్టే విద్యుత్ అలజడి సరిగ్గా తెరకు సమాచారం వెళ్తున్న క్షణంలో తగిలిందనుకోండి. ప్రాసెసర్ పంపిన క్లాక్‌లో ఒక కొట్టు తెర లెక్కకు అదనంగా పడొచ్చు, లేదా తప్పిపోవచ్చు. అప్పుడు తెర వైపు చిప్, తన వంతు ఇంకా పూర్తి కాలేదనుకుని డేటా తీగను కిందికి లాగి పట్టుకుంటుంది. ప్రాసెసర్ ఆ తీగ వదులుతుందని ఎదురుచూస్తుంది. ఆర్డ్వినోలో ఈ బస్సును నడిపే వైర్ లైబ్రరీలో ఆ ఎదురుచూపుకు చాలాకాలం గడువే లేదు. 2020లో గడువు పెట్టుకునే వీలు కల్పించారు. అయినా మనం అడిగితే తప్ప అది పనిచేయదు. ఫలితం ఊహించవచ్చు. మోటారు పడింది, తెర మీద మట్టం సగం దగ్గర నిలిచిపోయింది, ట్యాంకు నిండి నీళ్లు డాబా మీద నుంచి కారుతున్నాయి.

వాచ్‌డాగ్ పెట్టాలంటే మొదట గడువు ఎంతో తేల్చుకోవాలి. దానికి రెండు హద్దులు ఉంటాయి. కింది హద్దు, ప్రోగ్రాము ఒక చుట్టు తిరగడానికి అత్యధికంగా పట్టే సమయం. మామూలుగా మన చుట్టు 100 మిల్లీసెకన్లలో అయిపోతుంది. కానీ సెన్సర్ తీగ ఊడిపోయిందనుకోండి. ప్రతిధ్వని కోసం ఆగే `pulseIn()` అనే ఫంక్షన్, మనం వేరే చెప్పకపోతే, ఒక సెకను వరకూ ఎదురుచూసి ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. అంటే చుట్టు కాలం 1.1 సెకన్లు కావచ్చు. ఇది హ్యాంగ్ కాదు. సెన్సర్ పాడైతే మోటారు ఆపి, తెర మీద ఆ సంగతి చూపాలి తప్ప రీసెట్ చేసి లాభం లేదు. కాబట్టి గడువు 1.1 సెకన్లకు మించాలి. పైగా ఆ 128 కిలోహెర్ట్జ్ ఆసిలేటర్ అంత కచ్చితమైనది కాదు. వేడికీ వోల్టేజీకీ కొంత అటూఇటూ అవుతుంది. దానికీ చోటు వదలాలి.

పై హద్దు, ఎవరూ చూడకుండా మోటారు ఎంతసేపు నడిస్తే నష్టం జరుగుతుందన్నది. ఇక్కడ కొన్ని సెకన్లు నడిచినా ప్రమాదం లేదు. అందుకే రెండు సెకన్లు సరిపోతుంది. అదే మండుతున్న థ్రస్టర్ విషయంలోనైతే ఈ పై హద్దు చాలా బిగుతుగా ఉంటుంది. ఒక్కోసారి పై హద్దు కింది హద్దు కన్నా తక్కువగా తేలుతుంది. అలాంటప్పుడు వాచ్‌డాగ్‌తో సర్దుకోలేం, ప్రోగ్రాము చుట్టునే వేగంగా తిరిగేలా మళ్లీ రాసుకోవాలి.

ఇక కోడ్ అస్థిపంజరం ఇలా ఉంటుంది:

```
#include <avr/wdt.h>

void setup() {
  MCUSR = 0;
  wdt_disable();
  pinMode(RELAY, OUTPUT);
  digitalWrite(RELAY, LOW);
  wdt_enable(WDTO_2S);
  startDisplay();
}

void loop() {
  readLevel();
  driveMotor();
  showLevel();
  wdt_reset();
}
```

ఇందులో `wdt_reset()` ఒకే ఒక్క చోట ఉంది, అదీ మూడు పనులూ పూర్తయ్యాక. పేరులో రీసెట్ అని ఉన్నా అది సున్నా చేసేది కౌంటర్‌నే, ప్రాసెసర్‌ను కాదు. తెర దగ్గర చిక్కుకుంటే ప్రోగ్రాము ఆ వరుసకు చేరదు. రెండు సెకన్లలో చిప్ రీసెట్ అవుతుంది. రీసెట్ అయిన క్షణంలోనే చిప్ కాళ్లన్నీ ఇన్‌పుట్‌లుగా మారిపోతాయి. కాబట్టి కాలి మీద వోల్టేజీ లేనప్పుడు రిలే తెరుచుకుని మోటారు ఆగిపోయేలా వైరింగ్ ఉండాలి. నిజానికి డాబాను కాపాడేది ఈ వైరింగే. రీసెట్ అయినప్పుడు యంత్రం ఏ స్థితికి వస్తుందో అది క్షేమమైన స్థితి కాకపోతే వాచ్‌డాగ్ మేలు కన్నా కీడే ఎక్కువ చేయొచ్చు.

వాచ్‌డాగ్‌ను తెర మొదలుపెట్టడానికి ముందే ఆన్ చేశామన్నదీ గమనించండి. దానికి కారణం ఉంది. ప్రాసెసర్ రీసెట్ అయినా తెరకు కరెంటు పోలేదు. డేటా తీగను అది ఇంకా పట్టుకునే ఉండొచ్చు. అప్పుడు కొత్తగా మొదలైన ప్రోగ్రాము `startDisplay()` దగ్గరే మళ్లీ చిక్కుకుంటుంది. రెండు సెకన్లకు మళ్లీ రీసెట్, మళ్లీ చిక్కు. మోటారైతే ఆగే ఉంటుంది గానీ కంట్రోలర్ ఇక లేవదు. దీనికి విరుగుడు ఐ2సీ తెలిసినవాళ్లకు పరిచితమే. తెరను మొదలుపెట్టేముందు క్లాక్ తీగ మీద తొమ్మిది కొట్లు పంపితే, సగంలో ఉన్న బైటును తెర పూర్తి చేసేసి తీగను వదిలేస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎక్కువమంది బోల్తా పడేది కౌంటర్‌ను ఎక్కడ సున్నా చేయాలన్న దగ్గర. రాసినవాళ్లకు ముందుగా తోచే ఉపాయం, దాన్ని టైమర్ ఇంటరప్ట్‌లో పెట్టడం. ప్రతి పది మిల్లీసెకన్లకోసారి టైమర్ ప్రాసెసర్‌ను ఆపి చిన్న పని చేయిస్తుంది కదా, ఆ పనిలోనే `wdt_reset()` కూడా ఇరికిస్తే మరిచిపోయే బెడద ఉండదనుకుంటారు. ఇది వాచ్‌డాగ్‌ను చంపేసినట్టే. ప్రధాన ప్రోగ్రాము తెర కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నా ఇంటరప్ట్‌లు మాత్రం వస్తూనే ఉంటాయి. ప్రతి పది మిల్లీసెకన్లకూ కౌంటర్ సున్నా అవుతూనే ఉంటుంది. నీళ్లు కారుతూనే ఉంటాయి. కునికిపాట్లు పడుతూ కూడా అలవాటుగా బటన్ నొక్కే పైలట్ లాంటిదే ఇది.

మరికొందరు రీసెట్‌లు ఊరికే వస్తున్నాయని విసిగి, ఆలస్యమయ్యే ప్రతి లూపులోనూ ఒక `wdt_reset()` పెట్టేస్తారు. ఎక్కడైతే చిక్కుకునే అవకాశం ఉందో సరిగ్గా అక్కడే కౌంటర్‌ను సున్నా చేసే ఏర్పాటు చేసినట్టవుతుంది. కౌంటర్ సున్నా అయిందంటే అన్ని పనులూ జరిగాయని అర్థం రావాలి. ఆ అర్థం పోయాక మిగిలేది ఉత్త లెక్కే.

ఒకే చుట్టు కాకుండా నాలుగైదు పనులు పక్కపక్కనే నడిచే పెద్ద ప్రోగ్రాముల్లో దీనికో పద్ధతి ఉంది. ప్రతి పనికీ ఒక జెండా ఇస్తారు. తన చుట్టు పూర్తి చేసినప్పుడల్లా ఆ పని తన జెండాను ఎత్తుతుంది. వేరే ఒక పర్యవేక్షక భాగం, జెండాలన్నీ లేచి ఉంటేనే కౌంటర్‌ను సున్నా చేసి, జెండాలన్నిటినీ దించుతుంది. ఒక్క పని ఆగినా ఆ జెండా లేవదు, కౌంటర్ నిండుతుంది. పర్యవేక్షక భాగమే ఆగిపోయినా ఫలితం అదే.

దారి తప్పిన ప్రోగ్రాము కౌంటర్‌ను సున్నా చేసే ఆదేశం ఉన్న చోటే పడి, అక్కడే గిరగిరా తిరిగితే? మామూలు వాచ్‌డాగ్ దాన్ని పట్టుకోలేదు. అందుకే ఎస్‌టీఎం32 వంటి చిప్‌లలో విండో వాచ్‌డాగ్ అనేది కూడా ఉంటుంది. దానికి గడువుతో పాటు ఒక కనీస విరామం కూడా ఉంటుంది. ఆలస్యంగా సున్నా చేసినా తప్పే, మరీ త్వరగా చేసినా తప్పే. మన చుట్టు ఎంత తక్కువలో తక్కువ సమయంలో అవుతుందో తెలిసినప్పుడే దీన్ని వాడగలం.

రీసెట్ అయ్యాక జరిగేదీ తెలుసుకోవాలి. ఏటీమెగా 328పీలో వాచ్‌డాగ్ వల్ల రీసెట్ అయితే, ఆ తర్వాత కూడా వాచ్‌డాగ్ నడుస్తూనే ఉంటుంది, అదీ అన్నిటికన్నా చిన్నదైన 16 మిల్లీసెకన్ల గడువుతో. ప్రోగ్రాము మొదట్లోనే దాన్ని ఆపకపోతే ఏ పనీ మొదలుకాకముందే మళ్లీ రీసెట్ అవుతుంది. పై కోడ్‌లో మొదటి రెండు వరుసలు దానికోసమే. పాత బూట్‌లోడర్ ఉన్న కొన్ని ఆర్డ్వినో బోర్డుల్లో బూట్‌లోడరే ఈ పని చేయదు. మన కోడ్ దాకా రానే రాదు. బోర్డు మీది లైటు వేగంగా మిణుకుతూ ఉంటుంది, కొత్త ప్రోగ్రాము కూడా ఎక్కదు. కరెంటు తీసి మళ్లీ ఇస్తే గానీ తేరుకోదు. ఆప్టిబూట్ అనే కొత్త బూట్‌లోడర్ వేసుకుంటే ఈ ఇబ్బంది పోతుంది.

రీసెట్‌తో పని మళ్లీ మొదలవుతుంది, అంతే. జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది. దీనికి మంచి ఉదాహరణ 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్. దిగిన కొన్ని రోజులకు దాని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలైంది. అందులో సమాచారం అటూఇటూ పంచే ముఖ్యమైన పని ఒకటుంది. సెకనులో ఎనిమిదో వంతు కాలానికోసారి అది పూర్తవ్వాలి. తర్వాతి వంతు మొదలయ్యేసరికి అది పూర్తి కాలేదని తేలితే నౌక తనను తాను రీసెట్ చేసుకునేలా ముందే ఏర్పాటు చేశారు. కౌంటర్ రూపం వేరైనా గడువు సూత్రం ఇదే.

ఆ పని ఎందుకు ఆగిందంటే, వాతావరణ సమాచారం సేకరించే అప్రధానమైన పని ఒకటి, ఇద్దరికీ కావాల్సిన తాళాన్ని పట్టుకుని ఉంది. ఈలోపు మధ్యస్థ ప్రాధాన్యమున్న పనులు దాన్ని పక్కకు నెట్టి ప్రాసెసర్‌ను ఆక్రమించాయి. తాళం పట్టుకున్నదానికి వంతు రాదు, వంతు రాకపోతే తాళం వదలదు, తాళం దొరకనిదే ముఖ్యమైన పని కదలదు. రీసెట్ వల్ల నౌకకు హాని కలగలేదు, అప్పటికే సేకరించిన సమాచారమూ పోలేదు. కానీ ఆ రోజు చేయాల్సిన మిగతా పని మర్నాటికి వాయిదా పడేది. ఇంజనీర్లు భూమి మీదున్న నకలు యంత్రంలో అదే పరిస్థితిని మళ్లీ పుట్టించి, కారణాన్ని పట్టుకున్నారు. తాళం పట్టుకున్న పనికి తాత్కాలికంగా పై ప్రాధాన్యం ఇచ్చే వసతి ఆ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది, ఆఫ్‌లో ఉందంతే. దాన్ని ఆన్ చేసే మార్పును అంగారకుడికి పంపారు. రీసెట్‌లు ఆగాయి.

మన ట్యాంకు కంట్రోలర్‌లోనూ అదే చేయాలి. ప్రతి పని మొదట్లో దాని సంఖ్యను, రీసెట్ అయినా చెరగని ర్యామ్ చోటులో రాసుకుంటే, రీసెట్ తర్వాత ఆ సంఖ్య చూసి ప్రోగ్రాము ఎక్కడ చిక్కుకుందో చెప్పొచ్చు. మూడోదే పదేపదే కనిపిస్తే అనుమానం తెర తీగల మీదికి పోతుంది. ఆ తీగలను మోటారు వైరుకు దూరంగా లాగాలి, పొడవు తగ్గించాలి.

వాచ్‌డాగ్ పట్టలేనివీ ఉన్నాయి. సెన్సర్ మీద తేమ పేరుకుని ట్యాంకు ఎప్పుడూ సగమే ఉన్నట్టు చూపిస్తే, ప్రోగ్రాము చుట్టు చక్కగా తిరుగుతుంది, కౌంటర్ వేళకు సున్నా అవుతుంది, నీళ్లు మాత్రం కారతాయి. ప్రోగ్రాము కదులుతోందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది, సరైన పని చేస్తోందా అన్నది తెలియదు. ఆ రెండో ప్రశ్నకు మోటారు ఒక విడతలో ఇన్ని నిమిషాలకు మించి నడవకూడదనే వేరే నిబంధనే జవాబు.

మీరు ఇలాంటి కంట్రోలర్ తయారు చేస్తున్నా, చేయించుకుంటున్నా, బిగించేముందు ఒక పరీక్ష పెట్టండి. మోటారు నడుస్తుండగా `showLevel()` లోపల `while(1);` అన్న ఒక్క వరుస అమలయ్యేలా చేసి, చేతిలో గడియారంతో చూడండి. రెండు సెకన్ల ప్రాంతంలో రిలే టక్‌మని పడిపోయి మోటారు ఆగాలి. ఆగకపోతే, కోడ్‌లో ఎన్ని చోట్ల రాసి ఉన్నా, మీ కంట్రోలర్‌కు వాచ్‌డాగ్ లేనట్టే లెక్క.